ఎనభై వేల వాయిదా: చిత్తూరులో ఒక కిరాణా బాకీ ఒప్పందం

2025 ఏప్రిల్ 21, సోమవారం. చిత్తూరులో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి నా ఆఫీసుకు వచ్చి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన నోటుపుస్తకం కాగితం తీసి బల్ల మీద పెట్టారు. తిరుపతిలో పెళ్ళి వంటలు ఒప్పుకునే ఒక వంట మేస్త్రీ ఆయనకు రాసిచ్చిన కాగితం అది. బియ్యం, పప్పులు, నూనె, నెయ్యి, జీడిపప్పు అరువు మీద తీసుకున్న తాలూకు బాకీ.

కాగితంలో ఉన్నది ఇంతే: "అన్నా, మీ డబ్బు ఎగ్గొట్టే ఉద్దేశం నాకు లేదు. ప్రతి నెలా వీలైనంత ఇస్తూ సంవత్సరంలో మొత్తం తీరుస్తాను. దయచేసి కోర్టుకు వెళ్ళవద్దు." కింద సంతకం ఉంది. తేదీ లేదు, బాకీ ఎంతో లేదు.

"సార్, దీని కింద నేను 'సరే' అని రాసి సంతకం పెడితే సరిపోదా?" అని వ్యాపారి అడిగారు.

సరిపోదు. ఎందుకు సరిపోదో, ఆ కాగితం స్థానంలో ఏమి రాశామో, డిసెంబరులో ఒక వాయిదా తప్పినప్పుడు ఆ రాత ఎలా పనిచేసిందో ఈ కేసులో చెబుతున్నాను. ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మొదట బిల్లులు తెప్పించాను. మొత్తం పదకొండు. మొదటిది 2022 మే 12 నాటిది, చివరిది 2023 ఫిబ్రవరి 3 నాటిది. తేలిన అసలు 5,40,000 రూపాయలు. అరువుకు ఇన్ని రోజులని గడువు ఏ బిల్లులోనూ రాయలేదు. అలాంటప్పుడు 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం సరుకు అందిన రోజు నుంచి మూడేళ్ళలోపు దావా వేయాలి. ఖాతా ఒకటే కదా అని చివరి బిల్లు నుంచి లెక్కపెట్టుకునే వ్యాపారులు చాలామంది. ఒకరే సరుకు ఇస్తూ, మరొకరు తీసుకుంటూ పోయిన ఇలాంటి ఖాతాలో ఏ బిల్లు గడువు దానిదే. అంటే మొదటి బిల్లుకు 2025 మే 12తో కాలదోషం పడుతుంది. మాకు మిగిలింది మూడు వారాలు.

కాలదోషం పట్టకముందే బాకీదారు "నేను బాకీ ఉన్నాను" అని రాసి సంతకం చేస్తే, ఆ సంతకం రోజు నుంచి మళ్ళీ కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి. అదే చట్టంలోని 18వ సెక్షన్ చెప్పేది ఇదే. మేస్త్రీ ఇచ్చిన కాగితం కూడా ఈ పనికి కొంతవరకు వస్తుంది. కానీ అది ఎప్పుడు సంతకం చేసినదో, ఏ బాకీ గురించో సాక్షులను పిలిచి రుజువు చేసుకోవాలి. సంతకం పెట్టే మనిషి ఎదురుగానే ఉన్నప్పుడు ఆ పనిని కోర్టు దాకా వాయిదా వేయడం తెలివైన పని కాదు.

ఏప్రిల్ 28న మేస్త్రీని కూడా రమ్మన్నాం. ఆయన వెంట బావమరిది వచ్చాడు. మేస్త్రీ మర్యాదస్తుడు. నెలకు 45,000 చొప్పున పన్నెండు నెలల్లో తీరుస్తానని అప్పటికే మనసులో లెక్క వేసుకుని వచ్చాడు. 45,000ను పన్నెండుతో హెచ్చిస్తే సరిగ్గా 5,40,000. వ్యాపారి ముఖం వికసించింది. నాకు మాత్రం ఆ సమానమైన అంకె నచ్చలేదు.

"ఆషాఢంలో మీకు ఎన్ని పెళ్ళిళ్ళు ఉంటాయి?" అని అడిగాను.

"ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఎక్కడివి సార్?" అన్నాడు మేస్త్రీ.

"మరి జులై వాయిదా దేనితో కడతారు?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సంచిలోంచి పంచాంగం తీశాడు. ఆ వృత్తిలో ఉన్నవారికి అదే వ్యాపారపు లెక్కల పుస్తకం. ముగ్గురం కూర్చుని నెలనెలా చూసుకుంటూ పోయాం. ఆ ఏడాది ఆషాఢం జూన్ 26 నుంచి జులై 24 దాకా. తర్వాత శ్రావణం బాగుంటుంది. భాద్రపదంలో పనులు తక్కువ, అందులోనూ మహాలయ పక్షంలో అసలే ఉండవు. కార్తికంలో మళ్ళీ చేతినిండా పని. ఆ తర్వాతే అసలు చిక్కు: నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మౌఢ్యం, దాని నడుమ ధనుర్మాసం. దాదాపు మూడు నెలలు పెళ్ళి ముహూర్తాలు లేవు. సమాన వాయిదాలు రాసుకుని ఉంటే జులైలో ఒకటి, జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి తప్పకుండా తప్పేవి. ఒక్కటి తప్పినా మొత్తం ఇవ్వాలన్న షరతు రాసి, తప్పక తప్పే తేదీలు పెడితే అది వసూలు పత్రం కాదు, మొదటి రోజే తెగిపోయే తాడు. బాకీదారు చెప్పిన పథకాన్ని అంగీకరించే ముందు, అతనికి డబ్బు ఏ నెలలో వస్తుందో అడగడం అప్పిచ్చినవాడి బాధ్యత అని నేను నమ్ముతాను.

పెళ్ళి అయిన వారం పది రోజులకు గానీ మేస్త్రీకి మిగతా సొమ్ము అందదు. అందుకని ఏ నెల పని డబ్బు ఆ పై నెల 5వ తేదీకి పెట్టాం. చివరికి తేలిన పట్టిక ఇది:

2025: మే 5న 60,000, జూన్ 5న 90,000, జులై 5న 20,000, ఆగస్టు 5న 20,000, సెప్టెంబరు 5న 90,000, అక్టోబరు 5న 30,000, నవంబరు 5న 50,000, డిసెంబరు 5న 80,000.

2026: జనవరి, ఫిబ్రవరి, మార్చి 5 తేదీల్లో 20,000 చొప్పున, ఏప్రిల్ 5న 40,000.

మొత్తం 5,40,000. పన్నెండు నెలలు దాటలేదు, వ్యాపారికి పైసా తగ్గలేదు. మారింది అంకెల వరుస మాత్రమే.

ఇక వాయిదా తప్పితే ఏమవ్వాలి? వ్యాపారి రెండు కోరికలతో వచ్చారు. ఒకటి, ఆలస్యమైన ప్రతి రోజుకు వెయ్యి రూపాయల జరిమానా. రెండు, గంగాళాలు, గ్యాసు పొయ్యిలు, గ్రైండర్లు తన మనుషులు వెళ్ళి తెచ్చుకోవచ్చని రాయించడం. రెండోది వద్దని వెంటనే చెప్పాను. ఆ సామాను ఆయనకు తాకట్టు పెట్టినది కాదు. కోర్టు ఉత్తర్వు లేకుండా మనుషులను పంపి ఎత్తుకొస్తే బాకీ కేసు కాస్తా పోలీసు కేసు అవుతుంది, అదీ మన మీద. పైగా పొయ్యి, గంగాళం లేని మేస్త్రీ బాకీ ఎలా తీరుస్తాడు?

రోజుకు వెయ్యి అన్నది ఇంకా సున్నితమైన విషయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా, దానికి లోబడి న్యాయమనిపించిన పరిహారమే కోర్టు ఇప్పిస్తుంది. బాకీదారును భయపెట్టడానికి రాసిన అంకె కోర్టులో నిలవదు. ఇరవై వేల వాయిదాకు నెల ఆలస్యమైతే ముప్పై వేల జరిమానా అంటే ఏ న్యాయమూర్తి అయినా కలం పక్కన పెట్టి చూస్తారు.

దీనికి వేరే దారి ఉంది. కొత్తగా శిక్ష వేయడం కాకుండా, ఇచ్చిన తగ్గింపును వెనక్కి తీసుకోవడం. ఈ వ్యాపారి బిల్లుల మీద సంవత్సరానికి 12 శాతం వడ్డీ అని ముద్రించి ఉంది. ఆ లెక్కన ఏప్రిల్ నాటికి వడ్డీ లక్షా అరవై వేల దాకా తేలుతుంది. ఇద్దరూ మాట్లాడుకుని 1,20,000కు ఒప్పుకున్నారు. కాబట్టి పత్రంలో మొదట ఈ వాక్యం వచ్చింది: "ఈ రోజుకు నేను అసలు 5,40,000, వడ్డీ 1,20,000, మొత్తం 6,60,000 రూపాయలు బాకీ ఉన్నాను. ఈ మొత్తం ఇప్పటికే చెల్లించవలసినది." ఆ తర్వాత వ్యాపారి మాట: వాయిదాలన్నీ తేదీల ప్రకారం వస్తే 1,20,000 వడ్డీ వదులుకుంటాను. కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ప్రకారం తనకు రావలసిన దానిలో కొంత వదులుకునే హక్కు, గడువు పెంచే హక్కు అప్పిచ్చినవాడికి ఉన్నాయి. వాయిదా తప్పితే మేస్త్రీ మీద కొత్త భారమేమీ పడదు. అతను స్వయంగా బాకీ అని ఒప్పుకుని సంతకం చేసిన అంకె తిరిగి వస్తుంది, అంతే.

ఆ షరతును ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను.

"5. పై పట్టికలోని ఏ వాయిదా అయినా దాని తేదీ తర్వాత ఏడు రోజులలోపు పూర్తిగా వ్యాపారి బ్యాంకు ఖాతాలో జమ కాకపోతే, ఏడో రోజు గడిచిన వెంటనే వడ్డీ మినహాయింపు రద్దవుతుంది. 6,60,000 రూపాయలలో అప్పటివరకు జమ అయినది పోను మిగిలినదంతా ఒకేసారి చెల్లించవలసి ఉంటుంది. వాయిదాలో కొంత భాగం మాత్రమే జమ అయితే ఆ వాయిదా చెల్లించినట్టు కాదు. వాయిదా తేదీ బ్యాంకు సెలవు అయితే మరుసటి పనిదినమే వాయిదా తేదీ.

6. ఆలస్యంగా గానీ తక్కువగా గానీ వచ్చిన సొమ్మును వ్యాపారి తీసుకోవడం వల్ల 5వ షరతును వదులుకున్నట్టు కాదు. దానిని వదులుకోవడం, గడువు పెంచడం వ్యాపారి సంతకంతో రాసిన కాగితం ద్వారానే జరగాలి."

ఇందులో "జమ" అన్న మాట మీద ఇద్దరితోనూ చాలాసేపు మాట్లాడాను. "ఇచ్చాను" అంటే చెక్కు ఇచ్చినా ఇచ్చినట్టే, కొట్టులో గుమాస్తా చేతికి నగదు ఇచ్చినా ఇచ్చినట్టే అని వాదన వస్తుంది. ఖాతాలో జమ అన్నప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కటే సాక్ష్యం. రెండు పక్షాలకూ అది మేలు. ఏడు రోజుల వెసులుబాటు మేస్త్రీ అడిగినది కాదు, నేను పెట్టించినది. ఒక్క రోజు ఆలస్యానికి లక్షా ఇరవై వేలు పోతాయంటే ఆ షరతును అమలు చేయడానికి వ్యాపారికే మనసు రాదు. అమలు చేయని షరతు రెండుసార్లకు చచ్చిపోతుంది.

పత్రాన్ని ప్రోనోటుగా రాసుకుందామని వ్యాపారి సూచించారు. మన ప్రాంతంలో బాకీ అంటే రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించిన ప్రోనోటే గుర్తుకు వస్తుంది. అయితే ఆ చిన్న స్టాంపు అడిగినప్పుడు చెల్లించే ప్రోనోటుకు మాత్రమే సరిపోతుంది. ఫలానా తేదీల్లో చెల్లిస్తానని రాసినదానికి స్టాంపు సుంకం వేరు, ఎక్కువ. మామూలు ఒప్పంద పత్రానికి స్టాంపు తక్కువైతే తర్వాత జరిమానాతో సరిచేసుకుని కోర్టులో వాడుకోవచ్చు. ప్రోనోటుకు ఆ అవకాశం స్టాంపు చట్టంలోనే లేదు. అందుకే మేస్త్రీ ప్రతిపాదన, దాని కింద వ్యాపారి అంగీకారం ఉన్న ఒప్పందాన్ని స్టాంపు పేపరు మీద రాసి, ప్రతి పేజీ మీద ఇద్దరితోనూ సంతకం చేయించాను.

బావమరిది సంగతి ఇక్కడే. 2022లో వ్యాపారి ఖాతా పుస్తకంలో అతను "మా బావ ఇవ్వకపోతే నేను ఇస్తాను" అని రాసి సంతకం చేసి ఉన్నాడు. అంటే జామీను. బాకీదారుకు గడువు పెంచడానికి అప్పిచ్చినవాడు ఒప్పుకుంటే, దానికి జామీనుదారు సమ్మతి లేకపోతే, ఆ జామీనుదారు బాధ్యత తొలగిపోతుంది. కాంట్రాక్టు చట్టం 135వ సెక్షన్. ఈ ఒక్క సంతకం మరిచిపోయి గట్టి జామీనును పోగొట్టుకున్న వ్యాపారులను చూశాను. వాళ్ళు చేసిన తప్పల్లా బాకీదారు మీద దయ చూపించడమే. మే 5న పత్రం చివర బావమరిది "ఈ వాయిదాలకు, 5, 6 షరతులకు నేను సమ్మతిస్తున్నాను, నా జామీను కొనసాగుతుంది" అని తన చేతితో రాసి సంతకం పెట్టాడు.

చెక్కుల విషయంలో వ్యాపారి 5,40,000కు ఒకే చెక్కు పుచ్చుకుందామన్నారు. చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుందన్నది ఒక ఇబ్బంది. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. సగం బాకీ తీరిన తర్వాత మొత్తానికి రాసిన చెక్కును బ్యాంకులో వేస్తే, ఆ రోజున ఉన్న బాకీ కన్నా చెక్కు అంకె ఎక్కువ. అలాంటి చెక్కు తిరిగి వచ్చినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద వేసే చెక్కు బౌన్సు కేసు నిలవదని 2022లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అందుకని ప్రతి వాయిదాకు ఆ తేదీ, ఆ అంకె వేసిన చెక్కు ఒకటి చొప్పున తీసుకున్నాం. మొదటి 60,000 అక్కడే జమ అయింది కాబట్టి పదకొండు చెక్కులు. మేస్త్రీ ఫోను ద్వారా డబ్బు పంపిన వెంటనే ఆ నెల చెక్కు వెనక్కి ఇచ్చేయాలి. ఆ చెక్కుల నంబర్లు కూడా పత్రంలో రాశాం.

నవంబరు దాకా చెప్పుకోవలసినది తక్కువ. అక్టోబరు 5 ఆదివారం పడింది, 6న డబ్బు వచ్చింది, అది సకాలమే. నవంబరు వాయిదా మూడు రోజులు ఆలస్యమైంది, వెసులుబాటులోపే.

డిసెంబరు 5న రావలసిన 80,000 రాలేదు. 8న 30,000 జమ అయింది. అదే రోజు మేస్త్రీ ఫోను చేసి, "అన్నా, ముప్పై వేశాను. మిగతా యాభై సంక్రాంతి లోపల ఇస్తాను" అన్నాడు. వ్యాపారి, "సరేలే మేస్త్రీ, చూద్దాం" అన్నారు. మరునాడు వేరే పని మీద నా దగ్గరికి వచ్చినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పారు.

"సరేలే" అన్న ఆ ఒక్క మాట మీద రేపు కోర్టులో గంట సేపు వాదన జరగవచ్చు. గడువు సంక్రాంతి దాకా పెంచారు, డబ్బు పుచ్చుకున్నారు, ఇప్పుడు అకస్మాత్తుగా మొత్తం అడుగుతున్నారు అని. 6వ షరతు మనకు అండగా ఉంది గానీ, ఆ షరతు రాసుకున్న మనిషే నోటితో దానికి విరుద్ధంగా మాట్లాడుతూ పోతే దాని బలం తగ్గుతుంది. ఆ సాయంత్రమే వ్యాపారి సంతకంతో ఒక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపించాను. దాని ఫొటో మేస్త్రీ వాట్సాప్‌కు, బావమరిది వాట్సాప్‌కు కూడా వెళ్ళింది.

"డిసెంబరు 8న 30,000 రూపాయలు ముట్టినవి. డిసెంబరు 5 వాయిదాలో ఇది కొంత భాగం మాత్రమే. మిగిలిన 50,000 డిసెంబరు 12లోపు జమ కావాలి. నిన్న ఫోనులో మాట్లాడుకున్నప్పుడు నేను గడువు పెంచలేదు. 12 దాటితే మన ఒప్పందంలోని 5వ షరతు వర్తిస్తుంది."

బెదిరింపు లేదు, దూషణ లేదు. ముట్టినది ఎంత, ముట్టవలసినది ఎంత, ఎప్పటిలోపు, లేకపోతే ఏ షరతు. అంతకుమించి అలాంటి ఉత్తరంలో ఒక్క మాట కూడా అవసరం లేదు.

12 గడిచింది. డబ్బు రాలేదు. మరునాడు ఉదయమే వ్యాపారి డిసెంబరు చెక్కు పట్టుకుని ఫోను చేశారు: "సార్, ఈ ఎనభై వేల చెక్కు బ్యాంకులో వేసేస్తాను." ఆగమన్నాను. ఏప్రిల్‌లో మొత్తానికి ఒకే చెక్కు వద్దన్న కారణమే ఇప్పుడు చిన్న రూపంలో ఎదురైంది. ముప్పై వేలు ముట్టిన తర్వాత ఆ చెక్కు తాలూకు బాకీ యాభై వేలే. మన పెద్దలు ప్రోనోటు వెనుక చెల్లు రాసినట్టే, చెక్కు మీద కూడా ముట్టిన భాగాన్ని నమోదు చేసి మిగతాదానికే దాన్ని వాడుకోవాలి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 56వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇస్తుంది. నమోదు లేకుండా ఎనభై వేలకు వేస్తే చెక్కు తిరిగి వచ్చినా మనకు కేసు ఉండదు. పైగా మన చేతిలో అంతకన్నా బలమైన 5వ షరతు ఉంది. చెక్కు ఫైలులోనే ఉండనివ్వమన్నాను.

డిసెంబరు 15, సోమవారం నోటీసు పంపాం. అప్పటికి జమ అయినది 3,90,000. 6,60,000లో అది పోగా 2,70,000. వాయిదాలు సాగుతూ ఉంటే మేస్త్రీ ఇంకా ఇవ్వవలసినది 1,50,000 మాత్రమే. యాభై వేలు సమయానికి రాకపోవడంతో లక్షా ఇరవై వేలు తిరిగి వచ్చి చేరాయి. నోటీసులో ఈ లెక్కను ఒక్కొక్క జమ తేదీతో సహా ఇచ్చాను, ఎందుకంటే తప్పుడు లెక్కతో వెళ్ళిన నోటీసు చదివినవాడికి బాకీ కన్నా ముందు ఆ తప్పే కనిపిస్తుంది. నకలు జామీనుదారుకూ వెళ్ళింది. నా డైరీలో మాత్రం మూడేళ్ళ గడువును నోటీసు తేదీ నుంచి కాకుండా డిసెంబరు 12 నుంచే రాసుకున్నాను. వాయిదా తప్పిన వెంటనే మొత్తం చెల్లించాలని పత్రంలో ఉన్నప్పుడు, దావా గడువు కూడా తప్పిన రోజు నుంచే నడుస్తుందని అనుకుని జాగ్రత్తపడాలి.

22న మేస్త్రీ, బావమరిది ఇద్దరూ వచ్చారు. ఒక కల్యాణ మండపం వాళ్ళు మూడు పెళ్ళిళ్ళ డబ్బు ఆపేశారట. కార్తికంలో చేసిన పనికి డబ్బు రాక, మౌఢ్యంలో కొత్త పని లేక ఇరుక్కున్నాడు. బావమరిది ఎక్కడో సర్ది 50,000 నా ఎదుటే ఫోనులో జమ చేశాడు. మేస్త్రీ కళ్ళెత్తి చూడలేకపోయాడు. "అన్నా, మీ ఉత్తరం వచ్చిన రోజే వచ్చి ఉండవలసింది. మొహం చెల్లలేదు" అన్నాడు.

వ్యాపారి కోపం తగ్గలేదు. షరతు ఉంది కదా, మొత్తం వసూలు చేద్దామన్నారు. ఆయనను పక్క గదిలోకి పిలిచి నాకు తోచినది చెప్పాను. 50,000 వచ్చాక అసలులో మిగిలింది లక్ష. ఎనిమిది నెలలుగా ఈ మనిషి కడుతూనే ఉన్నాడు, తప్పింది ఒక్కసారి. దావా వేస్తే కోర్టు ఫీజు ముందే కట్టాలి, తీర్పుకు ఏళ్ళు పడుతుంది, ఆ తర్వాత అమలు పిటిషను. మరోవైపు, ఏమీ జరగనట్టు పాత పట్టికకు తిరిగి వెళ్తే 5వ షరతు ఉత్త కాగితమని మేస్త్రీకి మనమే చెప్పినట్టవుతుంది. ఈ రెండింటి నడుమ ఒక చోటు ఉంది.

ఆ రోజే ఇంకో కాగితం రాశాం. డిసెంబరు 5 వాయిదా తప్పిందని, 5వ షరతు అమలులోకి వచ్చిందని మేస్త్రీ అందులో ఒప్పుకున్నాడు. ఈ ఒక్క తప్పు వరకే వ్యాపారి మన్నించారు. మిగిలిన నాలుగు వాయిదాలు పాత తేదీల్లోనే. వదులుకున్న వడ్డీలో 30,000 మాత్రం తిరిగి చెల్లించాలి, 2026 మే 5న. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తప్పినా 6,60,000 లెక్క మళ్ళీ వస్తుంది. బావమరిది మళ్ళీ సమ్మతి రాశాడు. డిసెంబరు చెక్కు వెనక్కి ఇచ్చి, మే 5 తేదీతో 30,000కు కొత్త చెక్కు తీసుకున్నాం. "ఈ ఒక్క తప్పు వరకే" అన్న నాలుగు మాటలు లేకపోతే, రేపు మరో వాయిదా తప్పినప్పుడు అసలు షరతే వదులుకున్నారన్న వాదనకు తలుపు తెరిచినట్టే.

ముప్పై వేలు ఎక్కువా తక్కువా అని నన్ను అడిగితే, ఆ అంకె ఇద్దరూ నా ముందు పావుగంట బేరమాడి తేల్చుకున్నది. వ్యాపారి అరవై అడిగారు, మేస్త్రీ పదిహేను అన్నాడు. నేను పట్టుబట్టింది ఒక్కటే: అది సున్నా కాకూడదు.

జనవరి, ఫిబ్రవరి వాయిదాలు తేదీకే వచ్చాయి. ముహూర్తాలు లేని నెలలని ముందే ఇరవై వేల చొప్పున పెట్టుకోవడం అప్పుడు కలిసొచ్చింది. మౌఢ్యం ఫిబ్రవరి 17తో ముగిసింది. మార్చి వాయిదా ఒక రోజు ముందుగా, 4వ తేదీనే జమ అయింది. ఆ చెక్కు మేస్త్రీకి తిరిగి ఇచ్చేశాం. ఫైలులో ఇంకా రెండు ఉన్నాయి: ఏప్రిల్ 5ది నలభై వేలకు, మే 5ది ముప్పై వేలకు.

మొన్న వ్యాపారి ఫోను చేశారు. మేస్త్రీ మళ్ళీ సరుకు అడుగుతున్నాడట, నగదుకే. మాట ముగిస్తూ, "సార్, ఏప్రిల్ 5 ఆదివారం పడింది. ఆరో తేదీ వాయిదా అవుతుంది, ఏడు రోజులు అక్కడి నుంచి లెక్కపెట్టాలి, అంటే పదమూడు" అన్నారు.

నిజమే, పదమూడు. డైరీలో దిద్దుకున్నాను.